రెండు బిందెల నీళ్లు

గ్రేసమ్మ పెండ్లి రోజు ఆమె తల్లి రత్నమ్మ కాలు ఒకచోట నిలవలేదు. చర్చి వెనక పందిట్లో పొయ్యిల దగ్గరికి వచ్చేది, మూత తీసి చూసేది, రోడ్డు మీదికి పోయి పులివెందుల వైపు నుంచి దుమ్ము లేస్తోందేమోనని నిలబడేది, మళ్లీ కూతురి దగ్గరికి పరుగెత్తేది. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అది. జమ్మలమడుగులో ఎండ పొద్దున్నుంచే చురుక్కుమంటోంది.

వంట చేస్తున్నది ప్రొద్దుటూరు నుంచి వచ్చిన దీవెనమ్మ. రత్నమ్మ భర్త పాలయ్యకు సొంత అక్క. పాలయ్య పోయినప్పటి నుంచి వదినా మరదళ్ల మధ్య మాటల్లేవు. తమ్ముడి శవాన్ని కండ్లారా చూడకముందే మట్టి చేసేశారని దీవెనమ్మ బాధ. పిలుపు అందినా రాదనుకున్నారు అందరూ. కానీ వచ్చింది. పలకరించకుండానే కొంగు బిగించి, కందికట్టె అంటించి, వేటమాంసం దేగిశా పొయ్యి మీదికి ఎక్కించింది. ఏదైనా చెప్పాలంటే రత్నమ్మ పక్కింటి హఫీజాతో చెప్పేది.

“హఫీజా, ఉప్పు సరిపోయింది, ఇంక ఎవరినీ చెయ్యి పెట్టొద్దని చెప్పు.”

హఫీజా మసాలా నూరుతూనే రత్నమ్మ వైపు తిరిగి, “ఇన్నావు గదా అక్కా?” అనేది.

కూర ఉడికి, ముక్క మెత్తబడిన సమయంలో కబురు వచ్చింది. పెండ్లికొడుకు దేవపాలు తరపువాళ్లు ఒక బస్సు కాదు, వెనక లారీలో కూడా జనం వస్తున్నారట. దారిలో వేముల నుంచి కూడా ఎక్కించుకున్నారట.

దీవెనమ్మ ఎవరితోనూ అనలేదు. ఒక బిందె నీళ్లు కూరలో కుమ్మరించి, అన్నం వార్చే చోటికి పోయింది. కాసేపటికి రత్నమ్మ వచ్చింది. పొయ్యి దగ్గర ఎవరూ లేరు. పులుసు చాలదన్న భయం ఆమెను తరుముతోంది. తనూ ఒక బిందె కుమ్మరించి, మంట ఎగదోసి, పెండ్లికూతురికి పూలు పెట్టడానికి పోయింది.

చర్చి గంట మోగింది. మొదటి కీర్తన అందుకున్నారు. రత్నమ్మ కూతురిని లోపలికి పంపి, చివరిసారి కూర చూసి వద్దామని పందిట్లోకి వచ్చింది. మూత తీసింది. గరిటెతో ఎత్తి పోస్తే పులుసు చారులా జారింది. నూనె ఒకచోట, ముక్కలు అడుగున, మధ్యలో ఎర్రటి నీళ్లు. నాలుకకు తగిలించుకుంటే ఉప్పూ లేదు, కారమూ లేదు.

ఉన్నదల్లా పక్కన బజ్జీలకు తెచ్చిన శనగపిండి. గుప్పెడు తీసి నేరుగా మరిగే పులుసులో చల్లింది. ఇంకో గుప్పెడు. పిండి కరగలేదు. పైన ఉడికి, లోపల పచ్చిగా, గోలీల్లా ఉండలు తేలాయి.

“ఏం చేస్తాండావు నువ్వు!” దీవెనమ్మ పరుగెత్తుకొచ్చింది. మధ్యలో హఫీజా లేకుండా, ఇన్నేండ్ల తరువాత తొలిసారి నేరుగా. “పొడిపిండి ఎవరైనా మరిగే పులుసులో యేస్తారా? యేయించి, చల్లనీళ్లలో కలిపి పొయ్యాల గదా!”

“పులుసు నీళ్లయిపోయింది వదినా. ఒక బిందె పోస్తే ఇట్లయితాదని...”

“ఒక బిందె నేను పోసినా.”

“నేనూ పోసినా.”

ఇద్దరూ దేగిశా వైపు చూశారు. హఫీజా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“జీడిపప్పు నూరేదా?” అంది హఫీజా, నవ్వు దిగమింగి.

“పాయసానికి గుప్పెడు ఉంది. ఇంత కూరకు అది యాడికొస్తాది?” అంది దీవెనమ్మ. “మంట తగ్గీమ్మా. ముందు ముక్కలన్నీ తీసెయ్యాల. ఇంకా ఉడికితే పీచుపీచయితాయి.”

చిల్లుల గరిటెతో ముక్కలన్నీ ఒక గిన్నెలోకి ఎత్తారు. పిండి ఉండలు దొరికినన్ని ఏరిపారేశారు. మిగిలిన పులుసును వెడల్పాటి గంగాళాల్లోకి పంచి పక్కపొయ్యిల మీద కూడా పెట్టారు. వెడల్పు ఎక్కువైతే ఆవిరి తొందరగా లేస్తుంది. ఇప్పుడు మంట మళ్లీ పెంచింది దీవెనమ్మ. రత్నమ్మ చెయ్యి ఉప్పు కుండలోకి పోయింది.

“ఆగు. ఉప్పు ముందే సరిగ్గా యేసినా. నీళ్లు ఇంకితే అదే పైకి వస్తాది. ఇప్పుడేస్తే చేదయిపోతాది.”

లోపల కీర్తన అయిపోయింది. ప్రార్థన చెబుతున్న అయ్యగారి గొంతు సన్నగా వినిపిస్తోంది. రత్నమ్మ గరిటె తిప్పుతూ తలుపు వైపు, గంగాళం వైపు చూస్తోంది. పులుసు కుతకుతమంటోంది గాని తగ్గినట్టే లేదు.

“ఎంతసేపు వదినా ఇంక? బయటికొచ్చేస్తారు.”

“నీకు ఆగడం ఎప్పుడొచ్చింది?” దీవెనమ్మ తలెత్తలేదు. “ఆ పొద్దు నా కోసం ఒక్క పూట ఆగినావా?”

రత్నమ్మ చేతిలో గరిటె నిలిచిపోయింది.

“ఆగినా వదినా. పొద్దు వాలేదాకా ఆగినా. ఎండాకాలం. తడిగుడ్డలు కప్పినా, మళ్లీ తడిపినా. సాయంత్రం బస్సు కూడా వచ్చె, దాంట్లో నువ్వు లేవు. అప్పటికే ఆయన ముఖం...” “నువ్వు చూడకూడదనుకున్నా. ఆ ముఖం నువ్వు చూడకూడదనే తీసకపొమ్మన్నా.”

గంగాళానికి పట్టిన పులుసు గీత కిందికి మట్టం దిగుతోంది. దీవెనమ్మ కండ్లు తుడుచుకున్నది పొగకో, దేనికో.

“నాకెవరూ చెప్పలేదు.”

“నువ్వు మాట్లాడితే గదా చెప్పేది.”

లోపల అందరూ లేచి నిలబడిన చప్పుడు వినిపించింది. ప్రమాణాలకు పిలుస్తున్నారు. దీవెనమ్మ రత్నమ్మ చేతిలోని గరిటె గుంజుకుంది.

“పో. నీ బిడ్డ పెండ్లి నువ్వు చూసుకోకుండా ఈడ ఏం చేస్తాండావు?”

“కూర...”

“నేనుండా కదమ్మీ. పో!”

రత్నమ్మ మసిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తింది. ఆమె లోపలికి అడుగు పెట్టేసరికి దేవపాలు గ్రేసమ్మ మెడలో సూత్రం కడుతున్నాడు. కూతురు తలెత్తి తల్లి కోసం వెతికింది, చూసింది, ఊపిరి వదిలింది.

బయట దీవెనమ్మ చారు కోసం ఉడికించి పెట్టిన కందిపప్పు తీసి, పప్పుగుత్తితో పలుకు లేకుండా ఎనిపింది. వేడి పులుసు కొద్దికొద్దిగా పోసి జారుగా చేసి, గంగాళాల్లో కలిపింది. పప్పు పడ్డాక అడుగంటకుండా మంట తగ్గించి, గరిటె అడుగుకు తాకేలా తిప్పుతూనే ఉంది. హఫీజా నూరిన మసాలా చివర్లో వేసింది. పులుసు గరిటెకు పట్టుకున్నాక ముక్కలు మళ్లీ వేసి, వేడెక్కగానే దించేసింది.

అన్నాలకు కూచున్నారు. లారీ జనం కూడా పంక్తుల్లో సరిపోయారు. రత్నమ్మ గరిటె పట్టుకుని పంక్తి వెంట పోతోందే గాని, ఎవరు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటారా అని చూస్తూనే ఉంది. దేవపాలు మేనత్త ఒకామె ముద్ద నమిలి, వేళ్ల మధ్య పులుసు రాసి చూసింది.

“ఏందమ్మా ఇది, వేటకూరలో పప్పు యేసినారా?”

వెనక నుంచి దీవెనమ్మ వచ్చింది.

“మా ఇంట్లో ఇట్లే చేస్తాం. మా తమ్మునికి శానా ఇష్టం.”

మేనత్త ఇంకో ముద్ద నమిలి ఇస్తరాకు ముందుకు జరిపింది. “అట్లయితే ఇంకొంచెం పొయ్యి.”

రత్నమ్మ పోసింది. పులుసు అన్నం మీదే నిలిచింది గాని, విడిపోయి ఆకు అంచుకు పారలేదు. ఒకచోట చిన్న పిండి ఉండ కనబడితే గరిటెతోనే వెనక్కి లాగేసింది. పక్కన దీవెనమ్మ అది చూసి, అన్నం బుట్ట తీసుకుని ఆమె వెంట నడిచింది.