రేపు నాలుగున్నరకి తెలుస్తుంది

మా మనవరాలి మౌనం అంతా ఇంతా కాదు. దానికి ఆరేళ్లప్పుడు ఇంట్లో ఒక చిలుకను పెంచాం. ఏడాది పాటు దీనితో సావాసం చేసేసరికి ఆ చిలుక, వచ్చిన నాలుగు మాటలూ మరిచిపోయి, ఆకలేస్తే గిన్నె వైపు చూసి ఊరుకునేది. నమ్మకపోతే చిలుకనే అడగండి. అది మాత్రం చెప్పదు.

చదువయ్యాక దానికి నీటి పరీక్షల ల్యాబు ఉద్యోగం చూపించింది నేనే. "సీసాలు ఎదురు చెప్పవు తల్లీ, హాయిగా పని చేసుకో" అన్నాను. ఆ పని దానికి అచ్చంగా సరిపోయింది. ఒకసారి అందరూ బాగున్నాయని వదిలేసిన వీధి నీళ్లలో క్లోరిన్ వారం వారం వెంట్రుకవాసి తగ్గుతోందని, మూడు నెలల కాగితాలు తిరగేసి పట్టుకుంది. తవ్వి చూస్తే పైపు చీలి ఉంది.

అందుకే ల్యాబు పెద్దావిడ రిటైరవుతూ తన కుర్చీ దీనికే ఇస్తానంది. ఇదేమో వద్దని ఉత్తరం రాసింది.

"ఎందుకు వద్దే?" అన్నాను వంటింట్లో.

"మూడు నెలలకోసారి హాల్లో నిలబడి వీధుల వాళ్లకి జవాబు చెప్పాలి తాతయ్యా."

"చెప్తే నోరు అరిగిపోతుందా?"

"సీసాలు ఎదురు చెప్పవని నువ్వే కదా చేర్పించావు."

నా రాయి నాకే తగిలింది. నేను పని చూసుకోమంటే, అది దాక్కునే చోటు చూసుకుంది. పోయినేడు కొత్తవాళ్లకి పని నేర్పమన్నా ఇలాగే తప్పించుకుంది.

"నువ్వు కాకపోతే ఎవరు?"

"మైకు."

మైకు అంటే దాని పక్క బల్ల కుర్రాడు. మంచివాడే. కాకపోతే ఎవరేమడిగినా, ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబిచ్చేస్తాడు.

శనివారం సాయంత్రం అయిదింటికి ఆ మూడు నెలల సభ. ఉత్తరం సభ అయ్యాక ఇస్తానని పెద్దావిడకి చెప్పి సంచిలో పెట్టుకుంది. నేను వెనక వరసలో కూర్చున్నాను. వేదిక మీద పెద్దావిడ, ఒక పక్కన ఆ కుర్రాడు మైకు, ఇంకో పక్కన తల వంచుకుని ఇది.

ఒకావిడ లేచింది. "మా వీధిలో పైపు బాగుచేసినప్పట్నుంచి నీళ్లు మట్టిగా వస్తున్నాయి. పిల్లలకి పట్టొచ్చా?"

"నిశ్చింతగా పట్టండమ్మా" అన్నాడు మైకు. "ఇవాళే సీసా పట్టుకొచ్చాం. రాత్రికల్లా రిజల్టు కూడా చెప్పేస్తాం."

మా పిల్ల తలెత్తింది. పెద్దావిడ వైపు చూసింది. ఆవిడ కావాలనే కళ్లజోడు తుడుచుకుంటోంది.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. మా పిల్ల నిలబడింది. చేతిలో కాగితం చూసి రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయింది. బల్ల మీద చూపించడానికి తెచ్చిన సీసాలు రెండు ఉంటే కాగితం వదిలేసి వాటిని పట్టుకుంది. అప్పుడు మాట వచ్చింది.

"ఇది మంచి నీళ్ల సీసా, రంగు లేదు. ఇందులో క్రిములున్నాయి, పసుపు తిరిగింది. ఆ రంగు తెలియడానికి పూర్తిగా ఒక రోజు పడుతుంది. మీ సీసా ఇవాళ నాలుగున్నరకి వెచ్చని పెట్టెలో పెట్టాను. నీళ్లెలా ఉన్నాయో నాకింకా తెలియదు. రేపు నాలుగున్నరకి తెలుస్తుంది. అప్పటిదాకా బాగా మరగకాచి, చల్లార్చి పిల్లలకి పట్టండి."

అంతే, కూర్చుంది. హాలంతా ఎంత నిశ్శబ్దమైందంటే నా పక్కాయన గడియారం చప్పుడుకి నాకు చెవులు గళ్లుపడ్డాయి. అడిగినావిడ మాత్రం "రేపు నాలుగున్నర" అని చేతి మీద రాసుకుంది.

బయటికొచ్చాక పెద్దావిడ చెయ్యి చాపింది. "ఏదో ఉత్తరం ఇస్తానన్నావు?"

"రేపిస్తానండి. కాస్త మార్చాలి."

ఆదివారం నాలుగున్నర దాటాక ల్యాబు గుమ్మంలో నేనూ ఉన్నాను, దాన్ని ఇంటికి తీసుకెళ్లే వంకతో. సీసా రంగు తిరగలేదు. నీళ్లు శుభ్రం.

"నేను నిన్ననే చెప్పలేదూ?" అన్నాడు మైకు.

"నువ్వు చెప్పావు. నేను చూశాను" అంది మా పిల్ల. వాడు నవ్వేసి, ఆ వీధి వాళ్లందరికీ ఫోన్లు చేయడానికి పరుగెత్తాడు. ఆ పనికి వాడిని మించినవాడు లేడు.

మార్చిన ఉత్తరం దారిలో నాకు చూపించింది. కుర్చీ తీసుకుంటుందట, కొన్ని షరతులతో. మధ్యాహ్నం పన్నెండుదాకా తన గది తలుపు మూసి ఉంటుంది. వీధుల వాళ్ల ప్రశ్నలు రెండు రోజుల ముందు కాగితం మీద రావాలి. సభలో తనే నిలబడుతుంది. ఫోన్లు, రిబ్బన్లు కత్తిరించడాలు, ఫొటోలు మైకువి.

"భయం పోయిందా?"

"లేదు తాతయ్యా. చేతిలో సీసా ఉంటే చాలు."

ఆ చిలుక గనక ఈ మాట విని ఉంటే, తనకీ ఒక సీసా ఇమ్మని అడిగేది.