ఇరవయ్యారు చింతగింజలు

కెమెరా చూసుకోవడానికి గోపాలు పదింటికి వస్తానన్నాడు. తొమ్మిదిన్నరకల్లా కూరగాయలకు పోవాల్సిన నా భార్య సంపూర్ణ ఇంకా ఇంట్లోనే ఉంది. కెమెరా అమ్ముతున్న సంగతి ఆమెకు తెలియదు. ఎందుకు అమ్ముతున్నానో తెలిస్తే నా పని అయిపోయినట్టే.

ఇల్లందులో నేను పదిహేనేళ్లు పనిచేసిన ఫొటో స్టూడియో మూతపడి మూడు నెలలైంది. పెళ్లి ఆల్బమ్‌లు చేయడంలో నా అంతటివాడు లేడని నా పొగరు. ఆ పొగరుతోనే ఆన్‌లైన్‌లో ఫ్రీలాన్సు పనులు దొరికే సైటులో చేరాను. అక్కడ పని అడగాలంటే, అంటే బిడ్ వేయాలంటే, క్రెడిట్లు కొనాలి, ఒక్కొక్కటి సుమారు పదమూడు రూపాయలు. పెద్ద పనికి ఇన్ని, చిన్న పనికి ఇన్ని అని వాళ్లే అడుగుతారు. మన బిడ్ పైన కనబడాలంటే ఇంకొన్ని కలిపి పాట పెంచుకోవచ్చు. పెంచాను. ముప్పై ఒక్క బిడ్లు, ఎనిమిది వేల రూపాయలు. ఒక్క పనీ రాలేదు. ఇంకో ఐదువందల క్రెడిట్లుంటే తప్పకుండా వస్తుందని, అందుకే కెమెరా అమ్మాలని నాకు నేనే చెప్పుకున్నాను.

బండి ఆగిన చప్పుడైంది. సంపూర్ణే తలుపు తీసింది.

"అక్కా, కెమెరా చూద్దామని వచ్చిన. అన్న అమ్ముతనన్నడు గద" అన్నాడు గోపాలు.

ఆమె నావైపు తిరిగింది. అబద్ధం ఒక్కటీ నోటికి రాక, జరిగిందంతా చెప్పేశాను.

అరుస్తుందనుకున్నా. కూర్చుంది. దానికే ఎక్కువ భయమేసింది. వాడలో పదిమంది ఆడవాళ్ల చిట్టి నడిపే మనిషి, లెక్క దగ్గర ఎవరినీ వదలదు.

"పాట ఓడిపోతే పైసలు వాపస్ ఇస్తరా?"

"ఇయ్యరు. బిడ్ ఏసినంక క్రెడిట్లు పోయినట్టే."

"చిట్టి పాట ఓడినోళ్ల పైసలు చిట్టిలనే ఉంటయ్. ఇది చిట్టి కాదు గద, చిట్టి లెక్క పాట పెంచినవేంది?"

నేను ఫోన్ తీసి ఆ సైటు తెరిచాను.

"సరే, నువ్వేసినవాట్ల ఎన్ని తెరిచి చూసిన్రు? చూసినట్టు అండ్ల కనబడదా?"

కనబడుతుంది. భయంతో నేనే ఎప్పుడూ చూడలేదు. లిస్టు కిందికి జరిపాను. ముప్పై ఒకటిలో తెరిచింది రెండే. రెండూ చిరిగిన పాత ఫొటోలు బాగుచేసే చిన్న పనులే. పాట పెంచకుండా, పని పెట్టిన గంటలోపు, పదిమంది కూడా రాకముందే వేసినవి. వేలకు వేలు తగలేసిన పెద్ద పనుల బిడ్లలో ఒక్కదాన్నీ ఎవరూ ముట్టలేదు. అక్కడ వందల రివ్యూలున్నవాళ్లు వరుసలో ఉన్నారు. నా పదిహేనేళ్లు ఆ సైటుకు సున్నా.

"బిడ్ లేని సైటు లేదా?"

"ఉంది. మనం ఏం చేస్తమో, ఎంతకు చేస్తమో పెట్టుకుని కూసోవాలె. వచ్చిన దాంట్ల ఇరవై శాతం కోస్తరని ఇడిసిపెట్టిన."

"అది పని వచ్చినంక కోసుడు. ఇది రాకముందే కోస్తుంది. ఏది నయం?"

గోపాలు దగ్గాడు. "తమ్మీ, కెమెరా అమ్ముతలేం. చాయ్ తాగి పో" అంది సంపూర్ణ.

మిగిలినవి ఇరవయ్యారు క్రెడిట్లు. ఆమె ఇరవయ్యారు చింతగింజలు లెక్కపెట్టి డబ్బాలో వేసింది. ఇక బిడ్ వేయాలంటే ముందు ఆమెకు చెప్పాలి. పనిచ్చేవాడి పేమెంట్ సరిచూసినట్టు సైటులో గుర్తుందా, ఎంతమంది వేశారు, ఎప్పుడు పెట్టారు, ఇవన్నీ అడిగి గింజలు తీసేది. బిడ్ లేని సైటులోనూ ఫొటో రిపేరు పని ఆ రోజే పెట్టించింది. వారానికి ఒక్క బిడ్డే. పెద్ద పనులు కనబడితే నా వేలు అటే లాగేది. పేజీ పైకి జరిపేసేవాణ్ని.

మొదటి వారం ఆరు గింజలు పోయాయి. రెండో వారం ఎనిమిది. మూడో వారం ఇంకో ఆరు. ఆరే మిగిలాయి. రోజూ డబ్బా ఊపి చూసేవాణ్ని.

శనివారం పొద్దున ఫోన్ మోగింది. మూడో బిడ్‌కు మెసేజ్. తెరవలేక ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఇంగ్లీషు కూడబలుక్కుని చదివింది. పని పెట్టినవాళ్ల తాత పెళ్లి ఫొటో, నడిమికి చిరిగింది, పన్నెండు డాలర్లు, ఇవాళే మొదలుపెట్టగలవా అని.

సంతోషం రావాలి కదా. రాలేదు.

"సంపూర్ణా, భయమైతుందే. ఆ మొహం మంచిగ రాకపోతే? మొదటి రివ్యూనే చెడిపోతే?"

కెమెరా సంగతి బయటపడ్డాక ఆమె మొదటిసారి నవ్వింది.

"ఏ పెండ్లికి పోయేముందైనా నీకు గిదే భయం గద. గీ భయంతోనే పదిహేనేండ్లు మమ్ముల సాకినవ్. మూడు నెలల సంది నీకున్నది వేరే భయం, పని దొరకదని. ఇది పని చేసేటోని భయం. పో, కూసో."

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డబ్బాలో ఇంకా ఆరు గింజలున్నాయి.