మెర్సీకి రాసిన కార్డు

నాకు అన్నిటికంటే భయం, మాట పడి ఇంట్లోంచి వెళ్లిన మగమనిషి తిరిగి రాకపోవడం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న అలాగే వెళ్లాడు. నా చదువు ఆ ఏడాదితోనే ఆగింది. ఇప్పుడు నా వల్ల ఇంకొకాయన వెళ్లాడు. అందుకే ఇది రాస్తున్నాను.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో పల్లంరాజు గారి ఫ్యాన్సీ షాపులో సెంట్ల కౌంటరు నాది. ఎడమ అరలో నలుపు, నీలం సీసాలు, మగవాళ్లవి. కుడి అరలో గులాబీ రంగు సీసాలు, ఆడవాళ్లవి. పక్క కౌంటరులో క్లిప్పులు, గాజులు అమ్మే ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు, సోడాబుడ్డి కళ్లద్దాలు. నాకు ఏడాదిన్నర పాప. మా అత్తగారి దగ్గర వదిలి వస్తాను. గంటకోసారి ఫోన్ చేసి పడుకుందా, తిందా అని అడక్కపోతే నాకు చెయ్యి ఆడదు.

నిరుడు ఎండాకాలంలో ఏసురాజు గారు వచ్చారు. కడియం నర్సరీల నుంచి మొక్కల లారీ తోలతారు. లోడు లేని రోజుల్లో మొక్కలకి మందు కొడతారు.

"మందు కంపు ఎంత తోమినా వదలట్లేదండి. ఏదన్నా చల్లటి వాసన ఇవ్వండి" అన్నారు.

నీలం సీసాలు నాలుగు కాగితపు ముక్కల మీద కొట్టి ఇచ్చాను. ఆయన ముక్కు ముడుచుకుని, "అన్నీ గెడ్డం గీసుకున్నాక రాసుకునేదానిలాగే ఉన్నాయండి" అన్నారు. కౌంటరు మీద అంతకు ముందెవరో వాసన చూసి వదిలేసిన ముక్క ఒకటి పడుంది. దాన్ని తీసి వాసన చూసి, కాసేపాగి మళ్లీ చూశారు.

"ఇదేంటండి? పైన మల్లె వెళ్లిపోతోంది. కింద వట్టివేరు ఉంది."

సెంటు కొట్టగానే తగిలేది ఒకటి, పావుగంట తర్వాత బయటపడేది ఒకటి, సాయంత్రం దాకా ఒంటి మీద మిగిలేది ఇంకొకటి. ఇది నాకు ఆర్నెల్లు కౌంటరులో నిలబడితే గాని తెలియలేదు. ఆయనకి ముక్కే చెప్పేసింది. నేను కుడి అరలోంచి సీతాకోకచిలుక మూత ఉన్న గులాబీ సీసా తీసి పెట్టాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఆడవాళ్లదా?"

"అట్ట మీద రాసుంది కదండీ."

"అయితే... ఇంట్లోవాళ్లకి ఇవ్వండి."

అలా మూడుసార్లు కొన్నారు. ఇంట్లోవాళ్లకేనని నేనూ నమ్మాను. నాలుగోసారి వచ్చేసరికి మహిళా దినోత్సవం ఆఫర్ నడుస్తోంది. గులాబీ సీసా కొంటే గులాబీ కాగితం చుట్టి, కార్డు మీద పేరు రాసి ఇవ్వాలి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ పని నాకే అప్పగించారు. షాపు నిండా జనం.

"మేడమ్ గారి పేరేంటండి?" అని గట్టిగా అడిగాను.

ఆయన తడబడ్డారు. వెనక ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకున్నారు. ఆయన పక్కకి చూసి, "మెర్సీ" అన్నారు.

'మెర్సీకి ప్రేమతో' అని రాసి, ఎర్ర హృదయం అంటించి ఇచ్చాను. అక్షరాలు బాగా కుదిరాయని ముచ్చటపడ్డాను కూడా.

పది రోజుల తర్వాత ఒకావిడ వచ్చి ఆ కార్డు నా ముందు పెట్టింది. వేళ్ల సందుల్లో మట్టి, కళ్ల కింద నల్లటి చారలు.

"ఈ రాత నీదేనా అమ్మాయ్?"

"నాదేనండి."

"నా పేరు రూతు. ఏసురాజు పెళ్లాన్ని. ఏడాదిగా ఆయన చొక్కాలకి ఆడవాళ్ల సెంటు వాసన. ఉతికేదాన్ని నేనే కదా, తెలీదా? లారీ సీటు కింద సీసాతో పాటు ఇది దొరికింది. ఈ మెర్సీ ఎవరో చెప్పు, నేను వెళ్లిపోతాను."

"ఆయనేమన్నారక్కా?"

"సీసా నాదే, నేనే రాసుకుంటాను అన్నాడు. మగాడు మల్లెపూల సెంటు రాసుకుంటాడా అని అడిగాను. మా అన్నదమ్ములూ నవ్వారు. తెల్లారే లోడుతో వెళ్లాడు. ఫోన్ కట్టేశాడు."

అప్పుడు నాకు అంతా వెలిగింది, ఆయన చెప్పింది నిజమే. నోటితో చెబితే నమ్మదు. నాలుగు కాగితపు ముక్కలు తీసి, సీసాలు కౌంటరు కింద పెట్టి, ఆవిడకి కనపడకుండా కొట్టాను. గుర్తుకి ఒక్కో చివర ఒక్కోలా మడిచాను.

"ఇందులో నీకు నచ్చింది తియ్యక్కా. కొట్టగానే ఘాటుగా ఉంటుంది, కాసేపు ఆగి చూడు."

"నేను సెంటు కొనడానికి రాలేదు."

"తెలుసక్కా. ఒక్కసారి."

విసుగ్గా చూడ్డం మొదలుపెట్టింది. మొదటిది పక్కన పడేసింది. రెండోది దగ్గర ఆగింది. మళ్లీ చూసింది. "కమలాపండు తొక్క వాసన. కొత్త చెక్క బీరువా తెరిచినట్టుంది. ఇది బాగుంది."

కింద నుంచి నల్లటి సీసా తీసి పెట్టాను. దాని మీద మగవాళ్లకి అని పెద్దక్షరాలతో ఉంది.

"ఇది మగాళ్లది."

"నువ్వు రాసుకుని వెళ్తే, నీ ఒంటి మీద ఎవడో మగాడి వాసన ఉందని ఏసురాజు గారు అనొచ్చా అక్కా?"

ఆవిడ నల్ల సీసాని అటూ ఇటూ తిప్పి చూసింది. మడత విప్పి నాలుగో ముక్క ఇచ్చాను. అది వాసన చూడగానే ఆవిడ మొహం మారిపోయింది.

"ఇదే. చొక్కాల మీద ఇదే."

"మల్లె కాసేపే ఉంటుందక్కా. మిగిలేది వట్టివేరూ గంధమూ. ఆ వేరు నీళ్లకుండలో వేసుకుంటాం, అప్పుడు మగా ఆడా అనుకుంటామా? రంగూ పేరూ కంపెనీవాళ్లు వేసినవి, ముక్కుకి వాటితో పని లేదు."

"మరి మెర్సీ?"

నేను పక్కకి చూశాను. ఆవిడా చూసింది. గాజుల కౌంటరులో మా పెద్దావిడ, గుండె మీద షాపువాళ్లిచ్చిన బ్యాడ్జి. అక్షరాలు పెద్దవి: మెర్సీ. "జనం ముందు పేరడిగితే తడబడి, అది చదివి చెప్పారక్కా" అన్నాను.

పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుంది. "నన్నెందుకమ్మా చూస్తారు? నాకు ఇద్దరు మనవలు. ఆయనెవరో కూడా తెలీదు, క్లిప్పులు అమ్ముకుంటున్నాను."

రూతు నవ్వబోయి ఏడ్చింది. "నా పేరు చెప్పొచ్చు కదా."

"నీ పేరు చెబితే సీసా నీకివ్వాలి కదమ్మా" అంది పెద్దావిడ.

"ఆయనకి నచ్చిన వాసన ఆయన దాచుకునేలా చేశాను" అంది రూతు, తనలో తను. వెళ్లేటప్పుడు నల్ల సీసా కొనుక్కుంది. కాగితం చుట్టనా అని నేను అడగలేదు.

మర్నాడు పల్లంరాజు గారిని బతిమాలి ఒక్క అర ఇప్పించుకున్నాను. మగా ఆడా రాతలు తీసేసి పూలు, పళ్ల తొక్కలు, చెక్కలూ వేళ్లూ అని మూడు ముక్కలు రాసి అంటించాను. "అమ్మకాలు పడిపోతే నీదే పూచీ, దుర్గా" అన్నారు. అలాగే అన్నాను. కార్డులు మాత్రం ఇక రాయనని చెప్పాను.

కానీ ఏసురాజు గారు ఇంకా రాలేదు. లోడు ఒరిస్సాలో దించి, అక్కడే ఇంకో లోడు ఎక్కించుకున్నారని నర్సరీవాళ్లు చెప్పారట. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. రూతు రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేస్తుంది. మా నాన్నకి మా అమ్మ ఇలాగే ఎదురుచూసింది. పాపని ఒళ్లో వేసుకుని, నిన్న ఆ రోజులే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

తుని వైపు హైవే మీద మీరెవరైనా వెళ్తుంటే, పచ్చ టార్పాలిన్ కట్టిన మొక్కల లారీ, అద్దం మీద తెల్ల శిలువ, వెనక తలుపు మీద 'రూతు' అని రాసుంటుంది. ఆపి చూడండి. తోలేవాడి చొక్కాకి ఇంకా వట్టివేరు వాసన ఉంటే ఆయనే. రూతు మీ సీసా, తన సీసా ఒకే గూట్లో పక్కపక్కనే పెట్టుకుందని చెప్పండి. దానికంటే ముందు అన్నం తిన్నారో లేదో అడగండి.