సీసాలో పట్టిన నీళ్లు

భీమమ్మ ఇంటికి వచ్చినవాళ్లకు బోరునీళ్లు ఇవ్వదు. చచ్చినా ఇవ్వదు. కొత్తకోడలిగా వచ్చిన ఏడాది, ఎండకు వడలిపోయి గడప దగ్గర నిలబడిన బస్సు కండక్టరుకు తెలియక బోరునీళ్లు ఇచ్చింది. అతగాడు నోట్లో పోసుకున్నవి పోసుకున్నట్టే రోడ్డు మీద ఉమ్మేశాడు. "ఇంటికొచ్చిన మనిషికి ఉప్పునీళ్లు పోస్తావా, నీకు పెంపకముండాదా?" అని అత్త వీధిలో నిలబెట్టి తిట్టింది. ఆ తిట్టు భీమమ్మ ఒంట్లో ఇంకిపోయింది.

పత్తికొండ పక్కన ఆ పల్లెలో యాడ బోరు దించినా ఉప్పే. రెండు వందల అడుగులైనా అంతే, నాలుగు వందలైనా అంతే. గొడ్లకూ గుడ్డలకూ ఆ నీళ్లు. తాగడానికి మాత్రం రోజు మార్చి రోజు వచ్చే కొళాయినీళ్లు. వాటిని పట్టి, గుడ్డలో వడగట్టి, ఇత్తడి బిందెలో పోసి, మీద స్టీలు తట్ట బోర్లించి పెట్టుకుంటుంది భీమమ్మ. ఆ బిందె జోలికి ఇంట్లోవాళ్లు వచ్చినా ఊరుకోదు, చుట్టాలొస్తే మాత్రం చెంబులు చెంబులు ముంచి ఇస్తుంది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, మద్దిలేటి. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. చంకనేసుకుని పెంచింది. పెద్దయ్యాక తాపీ పట్టాడు, మేస్త్రి అయ్యాడు. అట్లాంటి ఇట్లాంటి మేస్త్రి కాదు, చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు స్లాబుకు ముహూర్తం పెట్టించుకునే ముందు మద్దిలేటికి ఏ రోజు తీరికో అడిగి వెళ్లేవాళ్లు. భీమమ్మ కొడుకు వీరభద్ర ఇల్లు కట్టాలనుకున్నప్పుడు ఇంక వేరే మేస్త్రి మాటెందుకు వస్తుంది?

గోడలు లేచాయి. స్లాబుకు ఇనుప కమ్మీ కట్టే ముందు మద్దిలేటి బోరు దగ్గర దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మాడు.

"వీరభద్రా, ఈ నీళ్లు నాకు నచ్చలేదురా. నాలుక మీద ఉప్పు నిలబడతాండాది. గోడకైతే ఏదో అనుకోవచ్చు, కమ్మీ ఉండే కాంక్రీటుకు ఉప్పు మంచిది కాదు. కర్నూలు కాలేజీలో పరీక్ష చేస్తారంట. సీసాలో పట్టుకోని పో. బాగలేవంటే ట్యాంకర్లు తెప్పిద్దాం. ఆ కాగితం వచ్చేదాకా నేను స్లాబుకు చెయ్యి పెట్టను."

ఆ మాటలు అన్నప్పుడు భీమమ్మ ఉల్లిచేలో కలుపు తీస్తోంది. ఆమె వినలేదు. మరునాడు పొద్దున బస్సు ఊరి మొదట్లో హారన్ కొడుతుంటే, వీరభద్ర చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఒక రెండు లీటర్ల సీసా తల్లి చేతిలో పెట్టాడు.

"అమ్మా, బిరీన ఇది కడిగి నిండా నీళ్లు పట్టు. కర్నూల్లో మేడమ్‌కి ఇయ్యల్ల."

అంతే చెప్పాడు. ఎవరో పెద్దింటి మేడమ్, మన ఊరి నీళ్లు అడిగింది. ఉప్పునీళ్లు పంపిస్తే ఏమనుకుంటుంది? భీమమ్మ సీసాను మూడుసార్లు కడిగింది. ఇత్తడి బిందె మీద తట్ట తీసి, గుడ్డ వేసి వడగట్టి, మూతి దాకా నింపింది. బయట తడి లేకుండా కొంగుతో తుడిచి మరీ కొడుకు చేతికిచ్చింది. ఆ పూటంతా ఆమెకు మనసు నిండుగా ఉంది.

వారానికి కాగితం వచ్చింది. లీటరు నీళ్లలో ఎనభై మిల్లీగ్రాముల క్లోరైడు ఉందనీ, కమ్మీ వేసే కాంక్రీటుకు ఐదు వందల దాకా పనికొస్తుందనీ అందులో రాసి ఉంది. వీరభద్ర చదివి వినిపించాడు. మద్దిలేటి మళ్లీ బోరు దగ్గరికి పోయాడు. మళ్లీ నోట్లో పోసుకున్నాడు.

"నా నాలుకకేమైనా రోగమొచ్చిందా ఏమిరా?"

కూలీలందరూ నవ్వారు. వంటింట్లో ఉన్న భీమమ్మకు నవ్వులు వినిపించాయి. ఇంటి పర్మిషన్ కాగితమేదో మంచిగా వచ్చిందనుకుని ఆమె కూడా నవ్వుకుంది.

స్లాబు రోజు బోరు పైపు తెచ్చి నేరుగా మిక్సర్‌లో వదిలారు. కాంక్రీటు ఎప్పటికంటే తొందరగా బిగుసుకుంది. చూసినవాళ్లు భలే గట్టి పని అన్నారు. మద్దిలేటి పైన చిన్న చిన్న మడులు కట్టి మూడు వారాలు ఆ బోరునీళ్లే నిలబెట్టి తడిపాడు. నీళ్లు ఆరిన గట్ల మీద తెల్లటి పొర పేరుకుంటే గోటితో గీకి చూసుకున్నాడు. కాగితం బాగుందన్నాక తనెవరు కాదనడానికి, అనుకుని ఊరుకున్నాడు.

ఆరేళ్లు ఇల్లు చల్లగా ఉంది. ఏడో ఏడు స్లాబు కింద గోధుమరంగు గీతలు కనబడ్డాయి. కమ్మీ ఎక్కడెక్కడ ఉందో ఎవరో కింద నుంచి గీసినట్టు, వరసగా. తర్వాత పూత ఉబ్బింది. ఒక మధ్యాహ్నం కోడలు శిల్ప చాటలో బియ్యం ఏరుతుంటే పైనుంచి పెచ్చు ఊడి భుజం మీద పడింది. ఎముక విరిగింది. అయ్యో, ఆ పిల్ల పెట్టిన కేక ఊరంతా విన్నది.

కబురందుకుని మద్దిలేటి పరుగెత్తుకొచ్చాడు. తల పైకెత్తి చూసి, స్టూలెక్కి, బయటపడిన కమ్మీని పట్టుకున్నాడు. తుప్పు పొరలు పొరలుగా చేతిలోకి రాలింది.

"సిమెంటు యాడికి పోయిందో చెప్పు మామా!" వీరభద్ర వీధి వాకిట్లో అందరి ముందూ అరిచాడు. "సొంత అక్క ఇంట్లోనే మూటలు మిగిల్చుకుంటివా?"

"ఒక్క మూట తగ్గించలేదురా. దేవుని తోడు."

"మరి ఇదేంది? చెప్పు, ఇదేంది?"

మద్దిలేటి అక్క వైపు చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. కోడలు లోపల మూలుగుతోంది, కొడుకు ఊగిపోతున్నాడు. భీమమ్మ ఒక్క మాట అనలేదు. మద్దిలేటి కాసేపు చూసి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

మేనల్లుడి ఇంటికే కల్తీ చేసినవాడు మనకు చేయడా అన్నారు జనం. ఒప్పుకున్న పనులు కూడా వెనక్కి పోయాయి. మూడు నెలలు చూసి, మద్దిలేటి పెళ్లాన్ని తీసుకుని ఎర్రగుంట్ల పోయాడు, లారీలకు సిమెంటు మూటలు ఎత్తడానికి. రెండేళ్లయింది. పండగకు రాలేదు, పబ్బానికి రాలేదు. భీమమ్మ వాడి పేరెత్తితే వీరభద్ర కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

స్లాబు ఆ ఒక్క గదితో ఆగలేదు. కింద కర్రలు పోటు పెట్టి కాలం నెట్టారు. పగలగొట్టాలా, అతుకులేస్తే సరిపోతుందా అని తేల్చుకోవడానికి వీరభద్ర చివరికి ఆ కర్నూలు కాలేజీ నుంచే మనిషిని పిలిపించాడు. పరీక్షలు చేసే శివజ్యోతి వచ్చింది. ఆనాటి కాగితం రాసిచ్చింది కూడా ఆమే. చేతిసంచీలో చిన్న చిన్న సీసాలున్నాయి. ఊడిన పెచ్చు చూసింది, కమ్మీ తుప్పు గీకి చూసింది.

"ఇది సిమెంటు తగ్గి వచ్చినట్టు లేదండీ. కాంక్రీటు గట్టిగానే ఉంది. కమ్మీ తుప్పు పట్టి ఉబ్బింది, ఉబ్బి కాంక్రీటును పగలదోసింది. ఉప్పు చేరితే ఇట్లా అవుతుంది. కానీ ఆ రోజు మీ నీళ్లు బాగున్నాయే! మీ బోరు ఎక్కడ?"

భీమమ్మ చెంబుతో బిందెనీళ్లు తెచ్చి ఇచ్చింది. శివజ్యోతి తాగి, బోరు దగ్గరికి పోయి ఖాళీ సీసా పైపు కింద పెట్టింది.

"అయ్యో తల్లీ, సీసాలో ఆ నీళ్లు యాల పడతాండావు?" భీమమ్మ గాభరాపడింది. "గబ్బు నీళ్లమ్మా అవి. ఆ పొద్దు మాదిరి బిందెలోవి పట్టిస్తా ఉండు."

శివజ్యోతి చెయ్యి ఆగింది. వీరభద్ర తల తిప్పాడు.

"ఏ పొద్దు మాదిరి, అవ్వా?" అడిగింది శివజ్యోతి.

"ఇల్లు కట్టేటప్పుడు మీకు పంపించలేదా, రెండు లీటర్ల సీసా! నేనే వడగట్టి పట్టిస్తిని."

శివజ్యోతి రెండు గాజు గ్లాసులు అడిగి తీసుకుంది. ఒకదాంట్లో బిందెనీళ్లు, ఇంకోదాంట్లో అంతే బోరునీళ్లు పోసింది. రెండింట్లో ఒక మందు కలిపితే రెండూ పసుపుపచ్చగా అయ్యాయి. తర్వాత ఇంకో సీసా లోంచి చుక్క చుక్క వేయడం మొదలుపెట్టింది. బిందెనీళ్లు నాలుగు చుక్కలకే ఇటుకరంగుకు తిరిగాయి. బోరునీళ్లు తిరగలేదు. పది వేసింది, ముప్పై వేసింది, వంద దాటింది. పసుపు పసుపుగానే ఉంది.

"ఉప్పు ఎంత ఉంటే అన్ని చుక్కలు తాగుతుంది అవ్వా," అంది శివజ్యోతి మెల్లగా. "ఇది రెండు వేలు దాటుతుంది. ఉప్పుకు కాంక్రీటు పాడుకాదు, తొందరగా గట్టిపడతాది కూడా. సిమెంటు కమ్మీకి తుప్పు పట్టకుండా కాపాడతాది, ఉప్పు పోయి ఆ కాపును తినేస్తాది. కలిపినప్పుడు కొంత, తడిపినప్పుడు కొంత, పైన బోరునీళ్ల ట్యాంకు పొంగినప్పుడల్లా కొంత. లోపల ఇంకిపోయాక ఇంక అతుకులు నిలవవు. కొట్టేసి కొత్తది వేసుకోవాల్సిందే."

భీమమ్మకు స్లాబు సంగతి వినబడలేదు.

"అయితే మా మద్దిలేటి తప్పు చెయ్యలేదా?"

"మేస్త్రి తప్పేం లేదవ్వా. నీళ్లు పరీక్ష చేయమన్నాడంటే పని తెలిసినవాడే."

వీరభద్ర బోరు గట్టు మీద కూలబడ్డాడు. "నేను చెప్పకపోతినే అమ్మా, బోరువి పట్టమని," అన్నాడు.

మరునాడు భీమమ్మ ఒక్కతే బయల్దేరింది. కొడుకు వస్తానన్నా వద్దంది. కర్నూలు దాకా ఒక బస్సు, నంద్యాలకు ఇంకో బస్సు, అక్కడ రైలెక్కి కోయిలకుంట్ల మీదుగా ఎర్రగుంట్లలో దిగేసరికి ఎండ నడినెత్తి దాటింది. దారిపొడుగునా తమ్ముడితో ఏం చెప్పాలో తనలో తను అనుకుంటూనే ఉంది. లారీలు నిలిచే చోట వాడి గది చూపించారు. మద్దిలేటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మలు సిమెంటు దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉంది.

"అక్కా!" అని లేచాడు.

ఆమె కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేసింది, సీసా, బిందె, చుక్కలు, అన్నీ. చెప్పి, వాడు తిడతాడేమోనని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

మద్దిలేటి మళ్లీ గుమ్మంలో కూర్చున్నాడు.

"రెండేండ్లు," అన్నాడు. "పండుకుంటే అదే అక్కా. కంకర తప్పిందా, ఇసుక తప్పిందా, యాడ తప్పు చేస్తినని. నా చేతిని నేనే తిట్టుకుంటాంటి. నాలుక చెప్తానే ఉండె. దాని మాట వినక కాగితం మాట వింటిని."

"నాదిరా తప్పు. ఆ పొద్దు వీధిలో నువ్వు నా వంక చూస్తే నోరు తెరవకపోతిని, అది ఇంకా పెద్ద తప్పు. ఊర్లో గడప గడపకూ పోయి చెప్తా. రా నాయనా, ఇంటికి పోదాం రా. కొత్త స్లాబు నువ్వే వెయ్యల్ల. ఈసారి నీళ్లు యాడివి తెమ్మంటే ఆడివే తెప్పిస్తా."

మద్దిలేటి తువ్వాలు విప్పాడు. కుడిచేతికి చూపుడువేలూ నడిమివేలూ లేవు. మొదళ్ల దగ్గర చర్మం నున్నగా ముడుచుకుపోయి ఉంది.

"పోయిన ఎండాకాలం లారీ వెనక డోరు చేతి మీద పడె. నీకు చెప్పి పంపేదానికి మొగం చెల్లలేదక్కా. ఈ చేతిలో తాపీ నిలబడదింక."

భీమమ్మ గుమ్మం పట్టుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది.

"శానా దూరం నుంచి వచ్చినావు, నీళ్లు తాగు," అని మద్దిలేటి లోపలికి పోయాడు. మూలన రెండు కుండలున్నాయి, వాడకానికి ఒకటి, తాగడానికి ఒకటి. మూత పెట్టి ఉన్నదాంట్లోంచి గ్లాసు ముంచాడు. ఎడమచేత్తో అక్కకు ఇవ్వడం బాగుండదని, కుడిచేతిలో మిగిలిన వేళ్ల మధ్య దాన్ని బిగించి పట్టుకుని తెచ్చాడు. పట్టు చాలక దారంతా నీళ్లు ఒలికాయి. ఆమె దగ్గరికి వచ్చేసరికి గ్లాసు సగమే ఉంది.