ముప్పై ఏడు డిగ్రీలు

మదనపల్లెలోని ఆ పాలిటెక్నిక్ ల్యాబులో కెపాసిటర్లు ఎండిపోయి, వాటి మీద రాసినంత కరెంటు నిల్వ పట్టక ఏళ్లయింది. కొత్తవి కొనమని అడిగే దమ్ము లెక్చరర్ నాగరాజుకు లేదు. అందుకే ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్స్ ముందు పిల్లలకు ఒకటే చెప్పాడు: మీటరు ఏం చూపినా సరే, లెక్కలో వచ్చేది రాయండి.

ఏసీని డీసీగా మార్చే ఫుల్ వేవ్ రెక్టిఫైయరు ప్రయోగం ముగ్గురికి పడింది. భారతి, ధనుష్, శ్వేత. శిఖర వోల్టేజీ ఇరవై, లోడు ఒక ఆంపియరు, కెపాసిటరు మీద ముద్ర పదివేల మైక్రోఫారడ్లు. సెకనుకు నూరుసార్లు నిండుతుంది గనుక లెక్క ప్రకారం రిపుల్, అంటే వోల్టేజీలో మిగిలే ఎగుడుదిగుడు, ఒక వోల్టు. భారతి ఆసిలోస్కోపు తెరలో నాలుగు కనిపించింది. ఒకటని రాసింది. అలలో ఎన్ని డిగ్రీల సేపు డయోడు కరెంటు వదులుతుందో మాత్రం తెర మీద కొలిచి, కనిపించిన ముప్పై ఏడే రాసింది. ఆ డిగ్రీలను బట్టి రిపుల్ ఎంతో లెక్క తేల్చవచ్చని ఆమెకు తట్టలేదు.

పాసైతే ఆమెకు పుంగనూరులో బ్యాటరీ ఛార్జర్లు చేసేచోట పని ఖాయం. తప్పితే తంబళ్లపల్లెలో మేనమామతో పెళ్లి. తల్లి తులసమ్మ గడువు పెట్టి మరీ పంపింది.

కుప్పం నుంచి వచ్చిన ఎగ్జామినర్ జయచంద్ర భారతి కాగితం చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ముప్పై ఏడుకు కొసైన్ ఎంతమ్మా?"

"సున్నా పాయింట్ ఎనిమిది సార్."

"అంటే కెపాసిటరు ఇరవై నుంచి పదహారు దాకా దిగినాకే డయోడు తెరుచుకునింది. రిపుల్ నాలుగు. నువ్వు ఒకటి రాసినావు. ఒక వోల్టే అయితే పద్దెనిమిది డిగ్రీలు రావల్ల. ఈ రెండిట్లో నువ్వు కండ్లారా సూసింది యాది?"

భారతి నాగరాజు వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

"నాలుగే సూసినాను సార్. ఒకటి రాయమని నాగరాజు సారే సెప్పినాడు."

"నేనెప్పుడు సెప్పినానమ్మా?" అన్నాడు నాగరాజు, గొంతు పెంచకుండానే.

జయచంద్ర మిగతా ఇద్దరినీ పిలిచి అడిగాడు. ధనుష్ అలాంటిదేం లేదన్నాడు. శ్వేత తల వంచుకుని అదే మాట అంది. వాళ్ల కాగితాల్లో ఒక వోల్టు, పద్దెనిమిది డిగ్రీలు. రెండూ పాత రికార్డుల్లోంచి ఎత్తినవే. ఒకదానికొకటి చక్కగా సరిపోయాయి. జయచంద్ర వాళ్ల స్కోపులు వేయించి చూడలేదు. చూసుంటే ముగ్గురూ పోయేవాళ్లు.

భారతి తప్పింది.

బస్టాండులో ధనుష్ ఆమె పక్కన నిలబడి వేరుశెనక్కాయలు ఒలుస్తూ అన్నాడు: "అబద్ధం రాస్తే నిండుగా రాయల్లమ్మే. సగం యాల రాస్తివి?"

తంబళ్లపల్లె బస్సు వచ్చింది, భారతి ఎక్కింది.

ఆ సాయంత్రం నాగరాజు రెక్టిఫైయరు కిట్టు తుడిచి బీరువాలో పెట్టాడు, వచ్చే ఏడాది పిల్లల కోసం. కెపాసిటరు మీద పదివేలు అన్న ముద్ర ఇంకా చెరగలేదు.