మూడో కర్వ్

"ఆ మూడో కర్వ్ తీసెయ్యమ్మా. రెండు చాలు," అన్నాడు రవిచంద్ర, స్క్రీన్ వైపు చూడకుండానే.

మాధురికి ఒళ్లు మండింది. నరసరావుపేట శివార్లలోని ఆ ఫార్మసీ కాలేజీలో ఆయన ఫార్మకాలజీ హెచ్.ఓ.డి. ఆమె అసిస్టెంట్ ప్రొఫెసర్. బోర్డు దగ్గర నిలబడ్డ నిరోష ఆమె దగ్గర ఎం.ఫార్మసీ చేస్తోంది. రెంటచింతల నుంచి తెల్లారకముందే బస్సెక్కి, దారిలో ప్రయోగానికి కోడి పేగు కొనుక్కొచ్చి, ఎండల్లో కరెంటు పోతే పేగుకి గాలి అందించే గొట్టానికి చేతిపంపు కొట్టుకుంటూ సాధించిన కర్వ్ అది. కెమిస్ట్రీ వాళ్లు తయారుచేసిన కొత్త పదార్థం కాంపిటీటివ్ అని, అంటే చోటు కోసం పోటీపడి అడ్డుకునే రకమని, ఆ అడ్డు బలం చెప్పే pA2 అంకె ఇంతని రవిచంద్ర అప్పుడే కాన్ఫరెన్సుకు రాసి పంపేశాడు.

"ఎందుకు తియ్యాలి సార్?" అంది మాధురి.

"లైన్ చెడిపోతోంది కదా!"

సెమినార్‌కొచ్చిన పీజీ పిల్లలంతా తలలు దించుకున్నారు. మాధురి లేచి సుద్దముక్క అందుకుంది.

"తలలెత్తండి. ముందు తెలిసిన మందుతో చూద్దాం. పేగు ముక్కకి దాన్ని ముడిచే ఎసిటైల్‌కోలిన్ పెంచుతూ ఇచ్చారు, అది ముడుచుకుంది. డోసు పెరిగేకొద్దీ ఎంత ముడుచుకుందో చూపే ఒక కర్వ్ వచ్చింది. ఇప్పుడు దాన్ని అడ్డుకునే అట్రోపిన్ వేసి, అది కుదురుకునేదాకా ఆగి, మళ్లీ ఇచ్చారు. కర్వ్ కుడికి జరిగింది. వాలు మారలేదు, ఎత్తు తగ్గలేదు. అంటే ఏంది?"

"ఎసిటైల్‌కోలిన్ ఎక్కువ పోస్తే అట్రోపిన్‌ని నెట్టేయగలదు మేడమ్," అంది వెనక నుంచి బిందు.

"అంతే. సగం ఎత్తు దగ్గర చూడండి. ఒక నానోమోలార్ అట్రోపిన్‌కి రెండింతలు ఎసిటైల్‌కోలిన్ కావాల్సొచ్చింది. మూడుకి నాలుగింతలు. పదికి పదకొండింతలు. ఇది డోస్ రేషియో. ఇందులోంచి ఒకటి తీసెయ్యాలి. ఎందుకంటే అట్రోపిన్ లేకపోయినా ఆ ఒక వంతు ఎటూ కావాలి. మనకి కావాల్సింది అదనంగా ఎంతన్నదే. ఏం మిగిలాయి? ఒకటి, మూడు, పది. వాటి లాగరిథమ్ నిలువుగా, అట్రోపిన్ మోలార్ గాఢత లాగరిథమ్ అడ్డంగా పెట్టండి. గీత వాలు ఒకటి వచ్చింది. అడ్డగీతని మైనస్ తొమ్మిది దగ్గర తాకింది. మైనస్ తీసేస్తే pA2 తొమ్మిది. వాలు ఒకటి కాబట్టే అది అట్రోపిన్‌కి రిసెప్టర్ మీద, అంటే కణం మీద మందు అతుక్కునే చోట, ఉన్న పట్టుని చెబుతుంది. కర్వ్‌లు సమాంతరంగా ఉండాలి, ఎత్తు తగ్గకూడదు, వాలు ఒకటి రావాలి. ఇవి లేకుండా అంకె మాత్రం చెబితే అది పచ్చి అబద్ధం."

"మరి నా రెండు కర్వ్‌లు బాగానే ఉన్నాయిగా?" అన్నాడు రవిచంద్ర.

"రెండు చుక్కలు పెడితే ఎవరు గీసినా తిన్నని గీతే వస్తుంది సార్! అది తప్పని చెప్పడానికి మూడోది కావాలి. చెప్పేసింది కూడా. ఎత్తు సగానికి పడిపోయింది. ఎసిటైల్‌కోలిన్ ఎంత పోసినా లేవలేదు."

"టిష్యూ చచ్చిపోయుంటుంది. ఈ అమ్మాయికి చేతకాక."

నిరోష కళ్లు నీళ్లతో నిండాయి. గొంతు మాత్రం గట్టిగా వచ్చింది. "లేదు సార్. పొటాషియం క్లోరైడ్ వేస్తే మొదట్లో ముడుచుకున్నంతా ముడుచుకుంది. అదే పేగులోంచి తీసిన ఇంకో ముక్కకి ఈ కొత్త మందు వెయ్యలేదు, దాని ఎత్తు ఏం తగ్గలేదు. మందేసిన ముక్కని కడిగి కడిగి చూశాను, అయినా ఎసిటైల్‌కోలిన్‌కి కోలుకోలేదు."



"పొటాషియం క్లోరైడ్ రిసెప్టర్‌తో పనిలేకుండానే పేగుని ముడుస్తుంది. అంటే పేగు బతికే ఉంది," అంది మాధురి. "బహుశా మందే రిసెప్టర్‌ని వదలట్లేదు. పేగులో రిసెప్టర్లు అవసరానికి మించి ఉంటాయి. కొన్ని మూసుకుపోయినా మిగతావాటితో పూర్తి ఎత్తు వస్తుంది. అందుకే మొదటి రెండుసార్లూ కర్వ్ జరిగి ఊరుకుంది. మిగులు అయిపోయాక కూలింది. దీనికి pA2 రాయడం కుదరదు సార్. నెలల తరబడి చేసిన పనిలో నిజం చెప్పిన ముక్కనే తీసెయ్యమంటారా? పైగా చేతకాలేదని పిల్ల మీదికి తోస్తారా?"

"నువ్వు నాకు పాఠం చెప్తున్నావా?"

"మీకు కాదు. వీళ్లకి. మూడోది తీసేస్తే గైడ్‌గా నేను సంతకం పెట్టను."

రవిచంద్ర కుర్చీ వెనక్కి తన్ని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి మాధురిని పీజీ క్లాసుల నుంచి తప్పించి ఫస్టియర్ ప్రాక్టికల్స్‌కి వేశారు. క్షమాపణ అడగమని ఒకరిద్దరు చెప్పారు. ఆమె అడగలేదు. మూడు కర్వ్‌లూ పెట్టి కాన్ఫరెన్సు వాళ్లకి తనే రాసింది. వాళ్లు వివరణ అడిగాక ఆయన ఆ పేపర్ వెనక్కి తీసుకోక తప్పలేదు. నిరోషని మాత్రం పలకరించడం మానేశాడు.

"ఇప్పుడేం చేద్దాం మేడమ్?" అంది నిరోష ఆ వారం.

"గాఢత మార్చకు. మందుని పేగుతో ఉంచే టైమ్ పెంచు. వదలని మందైతే ఎత్తు ఇంకా పడాలి. పడకపోతే నేను చెప్పింది తప్పని రాసుకుందాం."

నిరోష పేగుని బతికించి ఉంచే ఉప్పునీళ్ల బాత్‌లో కొత్త ముక్క కట్టింది.