నాలుగు నిమిషాల శుభాకాంక్ష

పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో తాతబ్బాయి గారి ఇంటివాళ్ల సంగతి తెలియనివాళ్లు లేరు. ఆ ఇంట్లో ఎవరికీ కొంచెం పెట్టడం చేతకాదు. పులుసు పోస్తే కంచం దాటి పారాలి, ఏడుపొస్తే వీధి చివరకి వినపడాలి. తాతబ్బాయి మనవడు బాబ్జీదీ ఆ నెత్తురే కదా మరి! అండమాన్లో రంగత్‌కీ పోర్ట్ బ్లెయిర్‌కీ మధ్య తిరిగే బోటు మీద తాళ్లు కట్టే పని వాడిది. పని చేసేటప్పుడు నోరు తెరిస్తే ముత్యం రాలిపోతుందన్నట్టు ఉంటాడు. మనసు పడ్డాడా, ఇంక ఆపేవాడు లేడు.

వాడి మనసు హరిత మీద పడింది. హరిత పోర్ట్ బ్లెయిర్‌లోనే, బ్రూక్షాబాద్‌లో ఉండే రాఘవయ్య గారమ్మాయి. ఆయన ఎప్పుడో సర్కారు ఉద్యోగం మీద ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. పిల్లకి ఈ మధ్యే రంగత్ బళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. సెలవు దొరికితే బోటెక్కి ఇంటికి వెళ్తుంది. మొదటిసారి ఎక్కిన రోజు కడుపులో తిప్పేసి, మొహం పాలిపోయి, రెయిలింగు పట్టుకుని వేలాడుతుంటే, బాబ్జీ నిమ్మకాయ కోసిచ్చి, “నీళ్లకేసి చూడకండి, దూరంగా ఆ గట్టుకేసి చూడండి” అన్నాడు. అక్కడ మొదలైంది.

ఇది జరిగి రెండు నెలలు కూడా కాలేదు. తర్వాత ఫోన్లో నాలుగు మాటలు. రేపు బోటుందా, సముద్రం ఎలా ఉంది, అంతే. ఓసారి బళ్లో పిల్లాడు బోటుకి చక్రాలు పెట్టి గీసిన బొమ్మ పంపి, “మీ బోటుకి పంక్చరయితే చెప్పు” అంది. ఆ మాటకి వీడు రెండ్రోజులు నవ్వుకున్నాడు. ఆ పిల్ల రెండు ముక్కలు పంపుతుంది, వీడు వాటిని ఇరవై సార్లు చూస్తాడు. అదీ లెక్క.

ఆదివారం తన పుట్టినరోజని, అమ్మ పాయసం కాస్తుందని మాటల్లో చెప్పి, ముందురోజే హరిత ఇంటికి వెళ్లిపోయింది. ఆదివారం బోటు రంగత్ వదిలి ఫోన్లో సిగ్నలు గీతలన్నీ పోయాక, బాబ్జీ ఓ మూల కూచుని తన శుభాకాంక్షలు నోటితోనే చెప్పి ఫోన్లో ఎక్కించాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ రాయమంటే చెయ్యి రాదు. ఈ దీవుల్లో పుట్టిన పిల్లల్లో సగంమంది అంతే. నాలుగు నిమిషాలు మాట్లాడి పంపేశాడు. సిగ్నలు లేదు కాబట్టి పక్కన చిన్న గడియారం బొమ్మ పడి అక్కడే ఆగిపోయింది.

అదే బోటులో వాళ్లప్ప, అదే అక్క, రాజకుమారి పుట్టింటికి వస్తోంది. రంగత్‌లో కాపురం, నోరు మాత్రం బతు బస్తీదే.

“అప్పా, ఇది విని ఎలా ఉందో చెప్పవే,” అని ఫోను చెవికి పెట్టాడు.

రాజకుమారి మొదటి నిమిషం ముసిముసిగా నవ్వింది. రెండో నిమిషంలో నవ్వు పోయింది. మూడో నిమిషంలో ఫోను ఒళ్లో పెట్టేసింది.

“ఒరే, ఆ పిల్ల నీకు పెళ్లామా?”

“అదేంటప్పా!”

“మరి ‘నువ్వు కనపడని రోజు నేను బతికున్నట్టే ఉండదు’ అంటావేంట్రా? అది విని ఏమనాలి పాపం? బతుకు నాయనా అనాలా? ‘ఇకనుంచి నీ ప్రతి పుట్టినరోజూ నా పక్కనే’ అన్నావు. ఆవిడ ఈ ఒక్క పుట్టినరోజే ఇంకా పూర్తి చేసుకోలేదు కదరా! రాఘవయ్య గారి కాళ్లకి దండం కూడా పెట్టేశావు. ఆయన నీకు కాళ్లిచ్చాడా?”

బాబ్జీ మొహం ఎర్రబడింది. “నిజంగానే అనిపించింది కదప్పా.”

“అనిపించినదంతా చెప్పేస్తే ఎదుటివాళ్లకి చోటేదిరా? పుట్టినరోజు ఆ పిల్లది. నువ్వు చెప్పినదాన్లో నేను, నాకు, నా గుండె, నా బతుకు, అంతా నువ్వే. ఆ పిల్ల ఎక్కడుంది ఇందులో? ఆమె నీకు ఎంత పంపుతుంది?”

“రెండు ముక్కలు.”

“మరి నువ్వు మూడు ముక్కలు పంపు, చాలు. వాళ్లమ్మ పక్కనుండగా వింటే సిగ్గుపడకుండా ఉండాలి. పాయసం తింటూ ‘థాంక్స్’ అని తేలిగ్గా జవాబు చెప్పగలగాలి. జవాబివ్వకపోయినా తప్పు చేసినట్టు అనిపించకూడదు. మీ ఇద్దరికే తెలిసిన ముచ్చట ఒకటుంటే అందులో కలుపు. అది నీ ప్రేమ చెప్తుంది, నువ్వు చెప్పక్కర్లేదు. బంగారం, ప్రాణం అనకు, పేరు పెట్టి పిలువు. పంపాక విన్నావా, విన్నావా అని వెంటపడకు.”

బాబ్జీ మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి చివర్లో గుండె వచ్చేసింది, రాజకుమారి తల అడ్డంగా ఊపింది. రెండోసారి మరీ సర్కారు నోటీసులా వచ్చింది. “అంత ఎండబెట్టకురా, కొంచెం నవ్వు,” అంది. మూడోసారి కుదిరింది.

“హరితా, హ్యాపీ బర్త్‌డే. ఈ ఏడంతా సముద్రం నీ మాట వినాలి. వినకపోతే నిమ్మకాయలు బోటు తరఫున. పాయసం బాగా తిను.”

“బస్!” అంది రాజకుమారి. “ఇది పంపు. ముందుది తీసెయ్.”

వాడు చిన్నది పంపాడు. దాని పక్కనా గడియారమే పడింది. పెద్దదాన్ని తీసేద్దామని దాని మీద వేలు పెట్టాడు, మళ్లీ వేలు వెనక్కి లాక్కున్నాడు. నాలుగు నిమిషాలూ వాడు కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పాడు మరి. ఇంత బాగా ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

“తీసేశావా?”

“సిగ్నలెక్కడుందప్పా, అదెక్కడికి పోతుంది! ఇంకోసారి విని జెట్టీకి ముందు తీసేస్తాలే.”

“ఇప్పుడే తియ్యరా. దాన్ని వినాల్సింది నువ్వు కాదు, ఆమె కాదు, ఎవరూ కాదు.”

“తీస్తానన్నాను కదే!”

అంతలో బోటు నడిపే సరంగు కేకేశాడు. గాలి మారింది, బోటు ముందువైపు తాడు తడిసి ముడి బిగిసిపోయింది. బాబ్జీ ఫోన్ని లోపల గదిలో వేలాడే చొక్కా జేబులో పడేసి పరిగెత్తాడు. ముడి విప్పి, తాడు చుట్టి, జెట్టీ మీదవాడికి విసిరి, జనం దిగేదాకా మెట్ల దగ్గర ముసలాళ్లకి చెయ్యందించాడు. ఊరు కనపడకముందే గాల్లో సిగ్నలు వచ్చేస్తుందని రోజూ తిరిగేవాడికి తెలీదా? తెలుసు. ఆ రోజు గుర్తు లేదు.

ఫోను తీసేసరికి గడియారాలు లేవు. పెద్దది ముందు వెళ్లింది, దాని వెనకే చిన్నది. పెద్దదాని పక్కన మైకు బొమ్మ నీలంగా మారి ఉంది. వినేసింది. తీసేద్దామని వేలు పెట్టి ఆగిపోయాడు. విన్నాక తీస్తే వినలేదని అయిపోతుందా?

చిన్నదాని పక్కన మైకు బూడిద రంగులోనే ఉంది. దాన్ని ఆ పిల్ల ముట్టుకోలేదు.

చీకటి పడ్డాక జవాబొచ్చింది. “థాంక్యూ భయ్యా.”

రాజకుమారి అది చదివి ఫోను బోర్లా పెట్టేసింది. తిట్టినా బాగుండేది. పళ్లెంలో అన్నం పెట్టి వాడి ముందుకి తోసింది, అంతే.

మర్నాడు రంగత్ వెళ్లే బోటుకి హరిత వచ్చింది. వాడు మెట్ల దగ్గరే ఉన్నాడు. ఆమె తప్పుకుపోలేదు. ఎదురుగా నిలబడింది.

“అది పొరపాటున వచ్చేసింది,” అన్నాడు.

“తెలుసు, వెనకాల ఇంకోటి చూశాను. వినలేకపోయాను.” భుజం మీద సంచీ సర్దుకుంది. “అమ్మ పక్కనుండగా తెరిచాను బాబ్జీ గారూ. ఆవిడ ఎవరే అని అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు. మీరంటే నాకు కోపం లేదు. బోటు మీద మీతో మాట్లాడితే బరువు లేకుండా ఉండేది. ఇప్పుడు సముద్రం ఎలా ఉందని అడగాలన్నా, మీరు దానికేం అనుకుంటారోనని ఆలోచించాలి.”

“ఇంకెప్పుడూ అలా...”

“ఏమో. ఇంకొన్నాళ్లు పోయాక నేనే అలా అనేదాన్నేమో. ఇప్పుడు నాకూ తెలీదు. నాకు తెలిసే వీలు లేకుండా చేసేశారు.”

వాడి నోటి దాకా మళ్లీ నాలుగు నిమిషాల మాటలు వచ్చాయి. ఎంత బాధపడ్డాడో, రాత్రంతా ఎలా ఉన్నాడో, ఆమె లేకపోతే ఏమవుతాడో, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. మింగేశాడు.

“లోపల కూచోండి,” అన్నాడు. “ఇవాళ బయట జల్లు కొడుతుంది.”

ఆమె తలూపి లోపలికెళ్లి కిటికీకి దూరంగా సీటు చూసుకుంది. బాబ్జీ తాడు విప్పి బోటు మీదకి లాక్కున్నాడు. గట్టు దాటాక ఆమెకి కడుపులో తిప్పడం మొదలయింది, అద్దంలోంచి వాడికి కనపడుతూనే ఉంది. వెళ్లలేదు. ఇంకో కుర్రాణ్ణి పిలిచి, లోపల టీచరు గారికి నీళ్లిమ్మని పంపాడు.